‘ఇల్లు అమ్మేశాం, ఖాళీ చేయండి’

హైదరాబాదులో ఫ్లాటు చేతులు మారితే లోపల అద్దెకున్నవాళ్ళకు అందే ఉత్తరంలో సాధారణంగా మూడే ముక్కలుంటాయి. ఫ్లాటు అమ్మేశాము. కొత్త ఓనరుగారు ఫలానా. నెలాఖరుకల్లా ఖాళీ చేసి సహకరించగలరు. అదీ కాగితం మీద రావడం అరుదు. వాట్సాప్‌లో వస్తుంది, చివర రెండు చేతులు జోడించిన బొమ్మతో. అది చూసిన అద్దెదారు ఆ సాయంత్రమే టు-లెట్ బోర్డుల వేట మొదలుపెడతాడు.

ఇందులో ఎవరికీ తప్పేమీ కనిపించదు. ‘వాళ్ళ ఇల్లు, వాళ్ళమ్ముకున్నారు, ఇంక మనకేముందండీ’ అని అద్దెదారే అంటాడు. అమ్మకంతో పాత అగ్రిమెంటు చెల్లిపోయిందని బ్రోకరు తేల్చేస్తాడు. అసోసియేషన్ సెక్రటరీ తల ఊపుతాడు. కాస్త మర్యాదస్తులైతే, ముందుగా ఒక ఫోన్ చేసి చెబితే చాలు, ఉత్తరం కూడా ఎందుకంటారు. అంటే ఆ ఉత్తరం కొందరి దృష్టిలో వెళ్ళిపొమ్మనే ఆజ్ఞ, మిగతావారి దృష్టిలో ఉత్త మర్యాద. నా వాదన, అది రెండూ కాదని. అద్దె ఎవరికివ్వాలి, అడ్వాన్సు ఎవరి దగ్గరుంది, మరమ్మతు వస్తే ఎవరినడగాలి అన్న మూడింటిని ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి మార్చే పత్రం అది. ఆ మూడు తప్ప మరి దేన్నీ మార్చే శక్తి దానికి లేదు.

ముందు ‘అగ్రిమెంటు చెల్లిపోయింది’ అన్న మాట సంగతి చూద్దాం. తెలంగాణలో అద్దె నియంత్రణ చట్టం ఒకటి ఉన్నా, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. ఈ రోజుల్లో ఆ అద్దెకు హైదరాబాదులో ఫ్లాటు కాదు గదా, బండి పెట్టుకోవడానికి షెడ్డు కూడా దొరకడం కష్టం. కాబట్టి మనకు దిక్కు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే. అందులోని 109వ సెక్షన్ ప్రకారం అద్దెకిచ్చిన ఆస్తిని కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వచ్చి నిలబడతాడు. పాతాయనకున్న హక్కులన్నీ ఇతనికి వస్తాయి. అద్దెదారు కోరితే పాతాయన బాధ్యతలూ ఇతని మీదికొస్తాయి. యజమాని మారతాడు, అద్దె ఒప్పందం అలాగే నడుస్తుంది. దీనికి అద్దెదారు కొత్తాయనను ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన పనికూడా లేదని కోర్టులు పదేపదే చెప్పాయి. అద్దెదారు ఇష్టంతో పనిలేకుండానే కొత్త యజమాని వస్తాడు, కొత్త యజమాని ఇష్టంతో పనిలేకుండానే పాత ఒప్పందం అతని మీదికి వస్తుంది. ఈ రెండో సగాన్ని మన ఉత్తరాలు మింగేస్తాయి.

‘కొన్నాయనకు లోపల అద్దెదారున్నట్టు తెలియదు పాపం’ అనే వాదన కూడా చెల్లదు. అదే చట్టం మూడో సెక్షన్ వివరణలో, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంటే వారికున్న హక్కు సంగతి కొనేవాడికి తెలిసినట్టే లెక్క అని ఉంది. ఫ్లాటు చూడ్డానికి వచ్చినప్పుడు తలుపు తీసింది అద్దెదారే, మంచినీళ్ళిచ్చింది అద్దెదారే. కాగితాలన్నీ లాయరుకు చూపించిన మనిషి, ఆ తలుపు తీసినావిడను ‘మీ అగ్రిమెంటు ఎప్పటిదాకా ఉందమ్మా’ అని ఒక్కమాట అడిగి ఉండాల్సింది.

ఇక అమ్మినవారి తరఫున వినిపించే అసలైన వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కొన్నవాడు తాను ఉండటానికే కొన్నాడు. ఒకవైపు బ్యాంకు ఈఎంఐ మొదలైంది, మరోవైపు తానుంటున్న ఇంటికి అద్దె కడుతున్నాడు. అతని కష్టం నిజం. కానీ ఆ కష్టాన్ని తెచ్చిపెట్టింది అద్దెదారు కాదు. మన సేల్‌డీడ్లలో ‘ఖాళీ స్వాధీనం ఈ దినమే అప్పగించితిమి’ అనే వాక్యం దాదాపు అలవాటుగా పడుతుంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఆ కాగితం మీద వేలిముద్రలు వేస్తున్న సమయానికి ఆ ఫ్లాటులో అద్దెదారు కుక్కరు మూడో కూత వేస్తుంటుంది. ఖాళీగా ఇస్తామని చెప్పి ఇవ్వలేకపోయిన లోటు అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య తేలాల్సింది. ధరలో తగ్గించుకోవచ్చు, కొంత సొమ్ము ఆపుకోవచ్చు, లేదా అద్దెదారుకు సామాను తరలింపు ఖర్చూ కొత్తింటి బ్రోకరు కమీషనూ ఇచ్చి మాట్లాడుకోవచ్చు. ఇది వదిలేసి, మూడు ముక్కల ఉత్తరంతో ఆ ఖర్చంతా అద్దెదారు నెత్తిన పెట్టడమే ఆనవాయితీ అయింది.

అయితే అద్దెదారు కూడా తన హక్కును ఉన్నదానికంటే పెద్దదిగా ఊహించుకోకూడదు. మనవి పదకొండు నెలల అగ్రిమెంట్లు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ కావాలన్న నమ్మకంతో అందరూ పదకొండు దగ్గర ఆగుతారు. అగ్రిమెంటులో ‘ఏ పక్షమైనా రెండు నెలల నోటీసుతో ముగించవచ్చు’ అని ఉంటే ఆ షరతును కొత్త యజమానీ వాడుకోవచ్చు. గడువు తీరిపోయి, అగ్రిమెంటు తిరగరాసుకోకుండా నెలనెలా అద్దె కడుతూ ఉంటే, రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు చాలు. అది నోటీసు ముట్టిన రోజునుంచి లెక్క. పదేళ్ళుగా ఉంటున్నాం కాబట్టి కదిలించలేరు అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. అద్దెదారుకు దక్కేది ఒప్పందంలో మిగిలిన నెలలు, సరైన నోటీసు, అంతే. కానీ ఆ మాత్రమైనా కచ్చితంగా దక్కాలి. నీళ్ళ మోటారు ఆపడం, కరెంటు ఫ్యూజు పీకడం, ఊరెళ్ళినప్పుడు తాళం మార్చడం లాంటి పనులతో వెళ్ళగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకు వెళ్ళి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్నే రాదు.

రెండో అభిప్రాయానికి వద్దాం, ‘ఫోన్‌లో చెబితే సరిపోదా’ అన్నదానికి. సరిపోదని చూపడానికి ఒక ఫ్లాటును ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఇల్లు, అద్దె 24,000, అడ్వాన్సు రెండు నెలలది 48,000. అగ్రిమెంటు డిసెంబరు 1న మొదలై అక్టోబరు 31తో ముగుస్తుంది. మధ్యలో ముగించే షరతు లేదు. ఏ నెల అద్దె ఆ నెల అయిదో తారీకులోపు ఓనరు ఖాతాలో పడాలి.

మే 28న ఓనరు ఫోన్ చేసి, ‘ఇల్లు అమ్మేశానమ్మా, వచ్చే నెల నుంచి అద్దె కొత్తాయనకు పంపించు’ అంటాడు. నిజానికి ఆ రోజుకు జరిగింది అమ్మకపు ఒప్పందం మాత్రమే. టోకెన్ అడ్వాన్సు ముట్టింది, బ్యాంకు లోను ఇంకా పాసవ్వలేదు. ఒప్పందంతో ఆస్తి మారదు, రిజిస్టరైన సేల్‌డీడుతోనే మారుతుంది. లోను రాక బేరం చెడిపోతే జూన్ అద్దె యజమాని కాని మనిషి ఖాతాలో కూర్చుంటుంది. మన ఊళ్ళో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ’ రాయించుకుని, నేనే ఓనరునని వచ్చేవాళ్ళకు లోటు లేదు. అలాంటి కాగితంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. కాబట్టి ఉత్తరంలో ఉండాల్సిన మొదటి వివరం సేల్‌డీడు రిజిస్టరైన తేదీ, దాని దస్తావేజు నంబరు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పేరు. ఆ నంబరు చేతిలో ఉంటే అద్దెదారు ఈసీ తీయించుకుని నిజానిజాలు తానే చూసుకోగలడు. అమ్ముడైందన్న మాటను నమ్మమని అడగడం కంటే, చూసుకోగలిగే ఆధారం ఇవ్వడమే మర్యాద.

మన కథలో రిజిస్ట్రేషన్ జూన్ 11న అయిందనుకుందాం. జూన్ అద్దె అయిదో తారీకునే పాతాయనకు చేరిపోయింది. వేరే ఒప్పందమేదీ లేకపోతే అద్దెను రోజుల లెక్కన పంచుకోవాలి. రోజుకు 800 చొప్పున మొదటి పది రోజులవి 8,000 పాతాయనవి, మిగిలిన ఇరవై రోజులవి 16,000 కొత్తాయనవి. ఆ పదహారు వేలు ఇద్దరు ఓనర్ల మధ్య లెక్క. ‘జూన్ సగం నాకు రావాలి’ అని కొత్తాయన అద్దెదారునడగడం తప్పు, అద్దెదారు భయపడి కట్టడం ఇంకా పెద్ద తప్పు. అంతకుముందు నెలల బకాయిలేమైనా ఉంటే అవి కూడా, ప్రత్యేకంగా రాసివ్వకపోతే, పాతాయనవే.

ఇప్పుడు అసలు ముడి. జూలై 5న అద్దెదారు పాత ఖాతాలోనే 24,000 వేశాడు, ఎందుకంటే రిజిస్ట్రేషన్ సంగతి అతనికెవరూ చెప్పలేదు. ఉత్తరం జూలై 9న ముట్టింది. జూలై అద్దె మళ్ళీ కట్టాలా? అక్కర్లేదు. బదిలీ జరిగిందని నమ్మడానికి కారణమేదీ లేకుండా పాత యజమానికి కట్టిన అద్దెను రెండోసారి కట్టనక్కర్లేదని 109వ సెక్షనే చెబుతోంది. కానీ ఆగస్టు 5న కూడా అలవాటు కొద్దీ పాత ఖాతాలోనే వేస్తే ఆ రక్షణ పోయింది. కొత్తాయన మళ్ళీ కట్టమనవచ్చు. ఈ రెండు నెలలకూ మధ్య గీత గీసింది జూలై 9. ఆ తేదీ ఫోన్ మాటల్లో నిలవదు. ‘మేలోనే చెప్పాను గదా’ అని ఒకరంటారు, ‘అమ్ముతున్నామన్నారు గాని అమ్మామనలేదు’ అని ఇంకొకరంటారు. స్పీడ్‌పోస్టులోనో, చేతికిచ్చి సంతకం తీసుకునో ఇచ్చిన ఉత్తరమైతే ఆ తగాదా పుట్టదు. దానివల్ల ఎక్కువ మేలు కొన్నవాడికే, ఎందుకంటే ఉత్తరం ఆలస్యమైన ప్రతి నెలా నష్టపోయేది అతనే.

ఆ ఉత్తరం ఎవరు రాయాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. కొన్నవాడొక్కడే రాస్తే చాలని చాలామంది అనుకుంటారు. ముక్కూ మొహం తెలియని మనిషి కొత్త ఖాతా నంబరు పంపి, ఇకనుంచి అద్దె ఇందులో వేయండి అంటే, అది నిజమైన ఓనరు రాసిందో మోసగాడు రాసిందో అద్దెదారుకెలా తెలుస్తుంది? ఇన్నాళ్ళూ అద్దె తీసుకున్న మనిషి సంతకం ఉండాలి, పక్కన కొన్నవారి సంతకమూ ఉండాలి. పాతాయన పాత నంబరు నుంచి ఒకసారి ఫోన్లో ధ్రువపరచడం దానికి తోడు మాత్రమే.

అడ్వాన్సు విషయంలో మన ఉత్తరాల మౌనం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. మన ఊహ ఫ్లాటులోని 48,000 పాతాయన చేతిలో పడి, ఎప్పుడో ఖర్చయిపోయింది. అమ్మకం రోజున కొన్నవాడు ధరలోంచి ఆ మొత్తం తగ్గించుకుని ఉండొచ్చు, మరచిపోయి ఉండొచ్చు. ఉత్తరంలో మాత్రం ఆ ప్రస్తావనే ఉండదు. అక్టోబరులో ఖాళీ చేసేటప్పుడు కొత్తాయన ‘మీరు నాకిచ్చారా?’ అంటాడు. పాతాయన అప్పటికి ఫోన్ ఎత్తడం మానేసి ఉంటాడు. చట్టం ప్రకారం అమ్మినంత మాత్రాన పాత యజమాని తన బాధ్యతలనుంచి తప్పుకోలేడు. అద్దెదారు కొత్తాయనను బాధ్యుడిగా ఎంచుకుంటే తప్ప అవి ఆయన మెడకే ఉంటాయి. అయితే అడ్వాన్సు తిరిగివ్వడం ఆ బాధ్యతల్లోకి ఎంతవరకు వస్తుందన్న దాని మీద లాయర్లు గంటలకొద్దీ వాదించగలరు. 48,000 కోసం ఎవరూ ఆ గంటలకు ఫీజు కట్టరు. ఆ సంగతి ఇద్దరు ఓనర్లకూ తెలుసు.

ఒక్క వాక్యం ఈ వాదనంతటినీ మాన్పుతుంది. ‘మీ అడ్వాన్సు 48,000 రూపాయలను కొన్నవారికి ఫలానా తేదీన అప్పగించాము, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వవలసినది వారే’ అని రాసి, ‘నాకు ముట్టింది’ అని కొన్నవాడు కింద సంతకం చేయాలి. డబ్బు మారకపోతే ఆ సంగతైనా దాచకుండా రాయాలి, అప్పుడు అద్దెదారు ఎవరిని పట్టుకోవాలో తెలుసుకుంటాడు. దీనికి తోడు మనకు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకునే అలవాటుంది. ఇల్లు అద్దెకు దిగిననాడు గోడలెలా ఉన్నాయో చూసింది పాతాయన, కోసేది కొత్తాయన. బాత్రూములో పగిలిన టైలు మూడేళ్ళ కిందటిదని సాక్ష్యం చెప్పేవాడు ఎవడూ ఉండడు. కాబట్టి ఉత్తరమిచ్చే రోజున ముగ్గురూ ఒకసారి ఫ్లాటంతా తిరిగి, గీజర్లు, ఫ్యాన్లు, వంటింటి అల్మారాలు, గోడల స్థితి ఫోటోలు తీసుకుని పంచుకుంటే అరగంట పని.

అమ్మకంతో మారనివాటిని కూడా ఉత్తరం చెప్పాలి. అద్దె మొత్తం మారదు. ఉత్తరానికి జతచేసి ‘కొత్త అగ్రిమెంటు, అద్దె 28,000, సంతకం చేసి పంపండి’ అనడం ఇప్పుడు ఫ్యాషనైంది. గడువు తీరేదాకా దానిమీద సంతకం చేయాల్సిన అవసరం అద్దెదారుకు లేదు. ఇష్టపడి చేసినా, పాత అడ్వాన్సు అందులో జమ చూపించారో లేదో చూసుకోవాలి. చాలా కొత్త అగ్రిమెంట్లలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. కరెంటు బిల్లు పాతాయన పేరుతో వచ్చినా కట్టుకోవచ్చు, పేరు మార్పించుకోవడం కొత్తాయన పని. అసోసియేషన్‌కు పాతాయన పడ్డ మెయింటెనెన్సు బాకీ కోసం అద్దెదారుకు నీళ్ళు ఆపకూడదు.

కొన్నవారు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్ళైతే ఇంకో సంగతి తప్పనిసరి. హైదరాబాదు ఫ్లాట్లలో ఇది చాలా మామూలు, అయినా ఏ ఉత్తరంలోనూ కనబడదు. యజమాని ఇక్కడి నివాసి అయినప్పుడు 24,000 అద్దెకు అద్దెదారు పన్ను మినహాయించనక్కర్లేదు. యజమాని ఆదాయపన్ను లెక్కలో ప్రవాసి అయితే ఆ వెసులుబాటు లేదు. అద్దె ఎంత చిన్నదైనా సుమారు 30 శాతం, ఆపైన సెస్సు, మూలంలోనే కోసి ప్రభుత్వానికి కట్టి, మిగతాది ఆయన ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేయాల్సిన బాధ్యత అద్దెదారుదే. కోయకపోతే పన్నుశాఖ అడిగేది కూడా అద్దెదారునే. ‘అద్దె మా బావమరిది ఖాతాలో వేసేయండి’ అని ఫోన్లో చెప్పే ఓనరుకు ఈ సంగతి తెలియకపోవచ్చు, తెలిసీ ఊరుకోవచ్చు. కొన్నవారు ఇక్కడి నివాసులా ప్రవాసులా అన్నది ఉత్తరంలో ఒక వాక్యంగా ఉండాలి, పాన్ నంబరుతో సహా. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోరే ఉద్యోగి యజమాని పాన్ ఇవ్వాలి. ఏడాది మధ్యలో అమ్ముడైతే రెండు పాన్‌లు కావాలి.

ఇవన్నీ చేరిస్తే ఉత్తరం ఎంత పొడుగవుతుంది? ఇంతే:

‘ఫ్లాట్ నం. 302లో అద్దెకుంటున్న మీకు తెలియజేయునది. ఈ ఫ్లాటును జూన్ 11న రిజిస్టరైన సేల్‌డీడు (నంబరు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు) ద్వారా కింద సంతకం చేసినవారికి అమ్మాను. అక్టోబరు 31 వరకు ఉన్న మీ అద్దె ఒప్పందం అవే షరతులతో, అదే అద్దెకు కొనసాగుతుంది. జూన్ అద్దె నాకు ముట్టింది, మీనుంచి నాకు రావలసిన బకాయి లేదు. జూలై నుంచి అద్దెను వారి ఖాతాలో (వివరాలు) చెల్లించగలరు. మీ అడ్వాన్సు 48,000 రూపాయలు వారికి అప్పగించాను. మరమ్మతులకు ఇకపై వారిని సంప్రదించగలరు. వారు భారత నివాసులు, పాన్ నంబరు ఇది.’

కింద ఇద్దరి సంతకాలు, తేదీ. ఒక పేజీ కూడా నిండలేదు. కొన్నవారికి ఇల్లు కావాలంటే ఆ సంగతి వేరే ఉత్తరంలో, అగ్రిమెంటు ప్రకారం నోటీసుగా, వారే ఇవ్వాలి. రెంటినీ ఒకే కాగితంలో కుక్కినప్పుడే ‘అమ్మాం కాబట్టి వెళ్ళు’ అన్న అబద్ధం పుడుతుంది.

‘ఇన్ని రాసిచ్చి అద్దెదారు చేతికి ఆయుధమివ్వడమెందుకు’ అని అడిగే ఓనర్లున్నారు. వాళ్ళకు నా జవాబు ఒకటే. అద్దెదారులందరూ అమాయకులేమీ కారు. రాత లేనిచోట, ‘పాతాయనకు లక్షన్నర అడ్వాన్సు ఇచ్చాను, ఇస్తేనే కదులుతా’ అని కొత్తాయన ముందు కూర్చునే అద్దెదారూ ఉంటాడు. ‘మూడేళ్ళకు మాటిచ్చారు’ అనేవాడూ ఉంటాడు. అందుకే ఉత్తరం రెండో కాపీ అడుగున నాలుగు గీతలు వదిలి, అద్దెదారు చేత కూడా రాయించుకోవాలి: నా అద్దె ఇంత, అడ్వాన్సు ఇంత, గడువు ఫలానా తేదీదాకా, ఇవి తప్ప వేరే ఒప్పందమేదీ లేదు. ఆ కాపీని సేల్‌డీడుతో పాటే ఫైల్లో పెట్టుకోవాలి. నా మాట వింటే, కొనేవాళ్ళు చివరి చెక్కు ఇచ్చేముందే ఆ నాలుగు గీతలూ నింపించుకుంటారు. ఎందుకంటే లెక్క తేడా వస్తే అడ్వాన్సు సొమ్ము ఆపుకోవడానికి అప్పటికింకా డబ్బు వాళ్ళ చేతిలోనే ఉంటుంది.